క్రీమ్ ఆఫ్ టార్టర్, రెండు ఉప్పులు: ఉమ్మడి అయాన్ లెక్క

మొదటి శనివారం మూడు సీసాలు పెట్టాను. ఒకదానిలో 200 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, రెండోదానిలో అంతే నీళ్లలో 1.17 గ్రాముల మామూలు ఉప్పు, మూడోదానిలో 1.49 గ్రాముల పొటాషియం క్లోరైడ్. ఉప్పు కలిపిన రెండూ 0.1 మోలార్ ద్రావణాలే. మూడింటిలోనూ 3 గ్రాముల క్రీమ్ ఆఫ్ టార్టర్ వేశాను. అడుగున కొంత పొడి కరగకుండా మిగలాలి, లేకపోతే ద్రావణం సంతృప్తమైందని చెప్పలేం.

క్రీమ్ ఆఫ్ టార్టర్ అంటే పొటాషియం బైటార్ట్రేట్. చింతపండు పులుపులో ఉండే టార్టారిక్ ఆమ్లానికి చుట్టమే. కరిగితే ఇలా విడిపోతుంది:

KHC₄H₄O₆ ⇌ K⁺ + HC₄H₄O₆⁻

ఈ రెండో అయాన్ ఆమ్లం కాబట్టి 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో, ఫినాఫ్తలీన్ వేసి టైట్రేట్ చేస్తే ఎంత కరిగిందో తెలిసిపోతుంది. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి.

ఆ రోజు తొందరపడి చెడగొట్టుకున్నాను. దూదితో వడకట్టాను. గులాబీ రంగు రావడం, పది సెకన్లలో మాయమవడం, మళ్లీ రావడం! దూదిలోంచి జారిన సన్నటి పలుకులు టైట్రేషన్ మధ్యలో కరుగుతూ కొత్త ఆమ్లాన్ని ఇస్తున్నాయన్నమాట. రీడింగులన్నీ కొట్టేశాను.

ఆదివారం ఏసీ 24 డిగ్రీల దగ్గర పెట్టి, సీసాలను అప్పుడప్పుడు కుదుపుతూ రెండు గంటలు ఉంచాను. పొడి ఫిల్టర్ పేపర్, పొడి గ్లాసు వాడాను, తడిగా ఉంటే ద్రావణం పలచబడుతుంది. ఒక్కోదాంట్లో 20 మి.లీ. తీసుకుంటే పట్టిన హైడ్రాక్సైడ్: ఉత్త నీళ్లకు 6.7 మి.లీ., ఉప్పు నీళ్లకు 7.4, పొటాషియం క్లోరైడ్‌కు 2.4.

సంతృప్త ద్రావణంలో K⁺ గాఢతనూ బైటార్ట్రేట్ గాఢతనూ గుణిస్తే వచ్చే లబ్ధం ఆ ఉష్ణోగ్రత దగ్గర దాదాపు మారదు. ఉత్త నీళ్లలో రెండూ 0.0335 మోలార్ చొప్పున, లబ్ధం 0.00112. మూడో సీసాలో పొటాషియం క్లోరైడ్ నుంచి వచ్చిన K⁺ ముందే 0.1 ఉంది, క్రీమ్ ఆఫ్ టార్టర్‌కూ దానికీ ఉమ్మడి అయాన్ ఇదే. పలుకుల్లోంచి అయాన్లు బయటికి వస్తూనే ఉంటాయి, కానీ తిరిగి పలుకు మీద కూర్చునే వేగం K⁺ ఎక్కువవడంతో పెరిగింది. అందుకే తక్కువ బైటార్ట్రేట్ దగ్గరే రెండు వేగాలూ సమమవుతాయి. కరిగేది x అనుకుంటే:

x(0.1 + x) = 0.00112

x = 0.0102. అంటే 2.0 మి.లీ. రావాలి. నాకు 2.4 వచ్చింది.

మొదట నా సిరంజి మీదే అనుమానపడ్డాను, కానీ జవాబు రెండో సీసాలోనే ఉంది. అందులో ఉమ్మడి అయాన్ లేకపోయినా 6.7 కాస్తా 7.4 అయింది. చుట్టూ మూగిన పరాయి అయాన్లు K⁺, బైటార్ట్రేట్ల మధ్య ఆకర్షణను కొంత కప్పేస్తాయి, దాంతో ఇంకాస్త కరుగుతుంది. మూడో సీసాలోనూ అదే జరిగింది, కాకపోతే ఉమ్మడి అయాన్ దెబ్బ ముందు ఆ పెరుగుదల చిన్నది. వచ్చే వారం 0.05, 0.2 మోలార్ పొటాషియం క్లోరైడ్‌తో చేస్తాను.