బ్యాగు బరువూ, ఒక ‘ఇట్’ కథా: నా ఇంగ్లిష్ ప్రిపరేషన్ అనుభవం

రిజల్ట్ వచ్చినప్పటి నుంచి మెసేజ్‌లలో అందరూ అడుగుతున్నది ఒకటే, ఇంగ్లిష్ ఎలా లాగావని. టెన్సులు, వాయిస్, ఆర్టికల్స్ నేనూ మీలాగే చదివాను, వాటి గురించి చెప్పడానికి నా దగ్గర కొత్తగా ఏమీ లేదు. చెప్పాల్సిందల్లా సో, సచ్, టూ, ఎనఫ్ గురించే. పోయినసారి నేను కటాఫ్‌కి ముప్పావు మార్కు దూరంలో ఆగిపోయాను. ఆ ముప్పావు మార్కు ఎక్కడ పోయిందో కీ వచ్చిన సాయంత్రమే తెలిసింది.

ఎర్రర్ స్పాటింగ్‌లో వాక్యం ఇది: ‘ద బ్యాగ్ వాజ్ టూ హెవీ ఫర్ హర్ టు క్యారీ ఇట్.’ నాలుగు ముక్కలుగా ఇచ్చారు. టూ ఉంది, టు ఉంది, మధ్యలో విశేషణం ఉంది, ఫర్ హర్ కూడా సరిగ్గానే ఉంది. ‘తప్పు లేదు’ అని పెట్టేశాను. తప్పు చివరి ముక్కలో ఉంది. ఆ ‘ఇట్’ ఉండకూడదు. వచ్చే మార్కు రాలేదు, పైగా నెగెటివ్‌లో కొంత పోయింది. సిల్లీ మిస్టేక్ అని ఇంట్లో చెప్పాను కానీ అది సిల్లీ మిస్టేక్ కాదు. ఆ రూలు నాకు నిజంగానే తెలియదు. నా నోట్సులో ఈ నాలుగు మాటలకీ కలిపి ఉన్నది అర పేజీ: టూ అంటే మరీ, సో అంటే అంత, ఎనఫ్ అంటే సరిపడా. అర్థాలు కంఠతా వచ్చు, వాక్యం కట్టడమే రాదు.

తర్వాత ఒక నెల రోజులు దీని మీదే పడ్డాను. ఫ్రెండ్స్ నవ్వారు, నాలుగు మాటల కోసం నెలా అని. నవ్వనీ. పది టాపిక్‌లు పైపైన చూసి మాక్ టెస్టుల స్కోర్లు గ్రూపులో పెట్టుకోవడం నాకు మొదటి నుంచీ పడదు, ఈ విషయంలో నేను చేసిందే కరెక్టని ఇప్పటికీ అంటాను. సరే, విషయానికొస్తాను.

నాకు దారి దొరికింది తెలుగులోనే. ‘బ్యాగు మోయలేనంత బరువుగా ఉంది’ అంటాం. ఈ ‘లేనంత’లో కాదు అనే అర్థం దాగి ఉంది. టూ, టు జంటలో కూడా అంతే. నాట్ కనబడదు కానీ అర్థంలో ఉంటుంది. అందుకే ‘టూ హెవీ దట్ షీ కెనాట్’ అని రాస్తే తప్పు. టూ తర్వాత దట్ రాదు, కెనాట్ అవసరం లేదు. అదే వాక్యాన్ని తెలుగులో ఇంకోలా చెప్పండి: ‘బ్యాగు ఎంత బరువుగా ఉందంటే, ఆమె దాన్ని మోయలేదు.’ ఇప్పుడు ‘దాన్ని’ వచ్చింది చూడండి. మొదటి వాక్యంలో అది లేదు. ‘బ్యాగు దాన్ని మోయలేనంత బరువుగా ఉంది’ అని ఎవరైనా అంటే మనం వెంటనే ఆగి, దేన్ని అని అడుగుతాం.

ఇంగ్లిష్‌లో జరిగేది కూడా ఇదే. టూ వాక్యాన్ని సో, దట్‌లోకి మార్చమన్నప్పుడు చేయాల్సిన పని మొత్తం ఇందులో కనిపిస్తుంది. టూ తీసి సో పెట్టాలి. ‘ఫర్ హర్’ కాస్తా ‘షీ’ అవుతుంది. టు బదులు దట్, కెనాట్ వస్తాయి. మన వాక్యంలో వాజ్ ఉంది కాబట్టి కుడ్ నాట్. చివర్లో ‘ఇట్’ చేరుతుంది: ‘ద బ్యాగ్ వాజ్ సో హెవీ దట్ షీ కుడ్ నాట్ క్యారీ ఇట్.’ దట్ తర్వాత పూర్తి వాక్యం కావాలి కాబట్టి కర్తా, కర్మా రెండూ కనబడాలి. టు ఉన్న వాక్యంలో మోసేది బ్యాగునే అని మొదట్లోనే చెప్పేశాం కాబట్టి మళ్లీ అక్కర్లేదు. ఎనఫ్‌కీ ఇదే వర్తిస్తుంది. ‘ద వాటర్ ఈజ్ క్లీన్ ఎనఫ్ టు డ్రింక్’ అని ఆపేయాలి, తాగగలిగేంత శుభ్రంగా ఉన్నాయి అన్నట్టు.

అయితే ‘ఇట్’ కనబడగానే కొట్టేయకండి. ‘ఐ యామ్ టూ టయర్డ్ టు క్యారీ ఇట్’ సరైన వాక్యమే. ఇక్కడ మొదట ఉన్నది నేను, మోయాల్సింది నన్ను కాదు. టు తర్వాతి క్రియ ఎవరి మీద పడుతుందో చూడండి. అది వాక్యం మొదట్లో ఉన్న వస్తువు మీదే పడితే ‘ఇట్’ వద్దు, వేరే దాని మీద పడితే కావాలి.

ఈ తెలుగు చిట్కా ఒక చోట మోసం చేస్తుంది. ‘కుర్చీ కూర్చోలేనంత చిన్నది’ అంటాం, ‘మీద’ అనే మాట ఎక్కడా రాదు. ఆ ఊపులో ‘టూ స్మాల్ టు సిట్’ దగ్గర ఆపేస్తాం. ‘సిట్ ఆన్’ అనాలి. మాక్ టెస్టుల్లో దీని దగ్గర రెండుసార్లు బోల్తా పడ్డాను. మందు దొరికింది మళ్లీ సో, దట్ లోనే. ‘ఐ కెనాట్ సిట్ ఆన్ ఇట్’ అని పూర్తిగా రాసుకుని, అందులోంచి ‘ఇట్’ ఒక్కటే తీసేయాలి. ఆన్ అక్కడే ఉంటుంది. కత్తి మొద్దుబారితే ‘టూ బ్లంట్ టు కట్ విత్’ అనడం కూడా ఇందుకే.

ఎనఫ్ స్థానం గురించి ‘విశేషణం తర్వాత, నామవాచకం ముందు’ అని అందరికీ తెలుసు, అయినా తప్పు చేస్తాం. కారణం మళ్లీ మన భాషే. ‘సరిపడా ఎత్తు’ అంటాం. తెలుగులో ఎత్తు నామవాచకం కాబట్టి సరిపడా ముందుకొస్తుంది. ఇంగ్లిష్‌లో టాల్ విశేషణం, కాబట్టి ‘టాల్ ఎనఫ్’. ‘ఎనఫ్ హైట్’ అన్నా సరైనదే, అక్కడ హైట్ నామవాచకం. రెండూ పక్కపక్కనే ఉన్నప్పుడు జాగ్రత్త. ‘ఎనఫ్ బిగ్ రూమ్స్’ అంటే పెద్ద గదులు సరిపడా సంఖ్యలో ఉన్నాయని, ‘బిగ్ ఎనఫ్ రూమ్స్’ అంటే ఆ గదుల సైజు సరిపోతుందని. రెండూ గ్రామర్ ప్రకారం ఒప్పే, ముందు వాక్యం చదవకుండా ఆప్షన్ పెట్టొద్దు.

సో, సచ్ మీద ఎక్కువ టైమ్ పెట్టలేదు. విశేషణం ఒంటరిగా ఉంటే సో, వెనక నామవాచకం ఉంటే సచ్. మెనీ, మచ్, ఫ్యూ, లిటిల్ ఉంటే మాత్రం నామవాచకం ఉన్నా సో. ఒక్క ఉచ్చు, ‘సచ్ ఎ గుడ్ అడ్వైస్’. అడ్వైస్‌ని లెక్కపెట్టలేం కాబట్టి ఎ ఎగిరిపోతుంది. టూని ‘చాలా’ అనుకుని ‘ఐ యామ్ టూ హ్యాపీ టు మీట్ యూ’ అని రాసేవాళ్లు కూడా ఉన్నారు, నేను కూడా రాశాను. ఆ వాక్యం చదివినవాళ్లకి, సంతోషం ఎక్కువై కలవలేకపోతున్నానేమో అన్న అర్థం తగులుతుంది. అక్కడ వెరీ అంటే సరిపోయేది.

ఈసారి పరీక్షలో బ్యాగు రాలేదు. ‘ద హౌస్ ఈజ్ టూ స్మాల్ ఫర్ దెమ్ టు లివ్’ వచ్చింది. తప్పు లేదు అన్న ఆప్షన్ మీదికి చెయ్యి వెళ్లింది కూడా. ఆగి, రఫ్ షీటు మీద ‘దే కెనాట్ లివ్ ఇన్ ఇట్’ అని రాసుకున్నాను. ‘ఇట్’ కొట్టేశాను. ఇన్ మిగిలింది.