ల్యాప్‌టాప్‌లో చూస్తే ఫొటోలు పోయిన నెల దగ్గరే ఆగిపోయాయి

అక్క ఫోన్‌లో ఫొటోల యాప్ తెరిస్తే నిన్నటివి కూడా కనిపిస్తున్నాయి. అదే అకౌంట్‌తో ల్యాప్‌టాప్‌లో చూస్తే పోయిన నెలతోనే సరి. ఆ యాప్ ఫోన్‌లోవీ క్లౌడ్‌లోవీ కలిపి చూపిస్తుంది, అందుకే ఫోన్ చూసి బ్యాకప్ అయిందనుకోలేం.

అకౌంట్ స్టోరేజ్ మెయిల్స్‌తో కలిపి లెక్కేసినా ఇంకా ఖాళీ ఉంది. 'వైఫై మాత్రమే' అని పెట్టి ఉంది, ఇంట్లో వైఫై బాగానే వస్తోంది. తమాషా ఏంటంటే, యాప్ తెరిచి ఉంచినంతసేపూ ఫొటోలు ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి, వేరే యాప్‌లోకి వెళ్లిన కాసేపటికే ఆగిపోతున్నాయి. అంటే బ్యాక్‌గ్రౌండ్‌లో ఫోనే దాన్ని ఆపేస్తోంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ బ్యాటరీ పేజీ తెరిస్తే 'రిస్ట్రిక్టెడ్' అని ఉంది. దాన్ని 'అన్‌రిస్ట్రిక్టెడ్' చేసి, బ్యాటరీ సేవర్ తీసేసి, రాత్రి ఛార్జింగ్‌లో పెట్టాం. తెల్లారేసరికి ఫొటోలన్నీ ల్యాప్‌టాప్‌లో కనిపించాయి, పెద్ద వీడియోలు మాత్రం ఇంకా క్యూలో ఉన్నాయి. ముందే ఒక్క నోటిఫికేషన్ ఇస్తే ఆ ఫోన్ సొమ్మేం పోయేదో!

ఇంకో ఫోన్ హాట్‌స్పాట్ వాడేవాళ్లు ఆ నెట్‌వర్క్ 'మీటర్డ్' అని ఉందేమో కూడా చూడండి. అలా ఉంటే పేరుకు వైఫై అయినా, ఫోన్ దాన్ని మొబైల్ డేటా లెక్కలోనే వేయొచ్చు.