సుంకి ఘాట్‌లో నా లెక్క ఎక్కడ తప్పిందంటే

పొద్దున పొట్టంగి నుంచి సుంకి ఘాట్ దిగాం, తొక్కకుండా వదిలేస్తే స్పీడు ఎంతొస్తుందో రాత్రే లెక్కేసి పెట్టుకున్నా. నేనూ సైకిలూ కలిపి 85 కేజీలు, వాలు 5 శాతం అనుకుంటే కిందికి లాగే బలం సుమారు 42 న్యూటన్లు, టైర్ల రాపిడికి 5 పోతే 37 మిగుల్తుంది, గాలి అడ్డు స్పీడు వర్గంతో పెరుగుతుంది కాబట్టి నిటారుగా కూర్చుంటే రెండూ గంటకి 42 కిలోమీటర్ల దగ్గర సరిపోవాలి. తీరా మీటర్ 32 దగ్గరే ఆగిపోయింది! బ్రేక్ పట్టేస్తోందేమోనని ఆగి చక్రం తిప్పి చూశా, ఫ్రీగానే తిరుగుతోంది. అప్పుడు చూస్తే రోడ్డు పక్కన గడ్డంతా మా వైపే వాలి ఉంది, ఎదురుగాలి. గాలికి తెలిసేది దానితో పోలిస్తే మన స్పీడే, రోడ్డు మీద స్పీడు కాదు, అందుకే 10 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే ఆ 10 మొత్తం మీటర్లోంచి పోతుంది. వంపు తిరిగి గాలి వెనక్కి రాగానే అదే వాలులో 48 దాటింది, ఇంకా పెరిగేదే, కానీ ముందు మలుపు, బ్రేక్ పట్టేశా. "గాలి చూసి దిగాలి బావా" అన్నాడు మావాడు, నిజమే. వచ్చే ఆదివారం ఒకే ముక్క రెండు సార్లు దిగి, గాలి లేనప్పుడు చూడాలి.