పిల్లాడి రేటింగ్ పడిపోయిందని ఫీజు సగం కోసుకుంటామన్నారు

చిన్నపిల్లలకు ఆన్‌లైన్‌లో చెస్ నేర్పడం మొదలుపెట్టేవాళ్లు చాలామంది నన్ను అడిగేది కెమెరా ఏది కొనాలి, బోర్డు ఎలా చూపించాలి అని. వాటికి పెద్ద కథేం లేదు. లిచెస్ అనే చెస్ సైటులో స్టడీ తెరిచి లింక్ పంపితే పిల్లాడి ముందూ నా ముందూ ఒకే బోర్డు ఉంటుంది. మామూలు హెడ్‌సెట్ చాలు. అసలు తలనొప్పి పిల్లలతో కాదు. ఈ నెల ఫీజు వసూలు అయ్యేసరికి నాకు ఓపిక పూర్తిగా అయిపోయింది కాబట్టి వేడి చల్లారకముందే రాస్తున్నాను.

ముందు ట్రయల్ క్లాసు సంగతి. నేను ఇంతకు ముందు ఒక పెద్ద ఆన్‌లైన్ సంస్థకు పనిచేశాను. అక్కడ ట్రయల్ అంటే పిల్లాడు ఏం చేసినా అద్భుతం అని చెప్పి, చివర్లో ఒక రంగుల సర్టిఫికెట్ పంపి, తల్లిదండ్రులు మురిసిపోతుండగానే ఫీజు లింక్ పెట్టడం. ఆ పాపం నాకొద్దని బయటికొచ్చి సొంతంగా మొదలుపెట్టాను. నా ట్రయల్ అరగంట, ఒక్కసారే. అందులో పాఠం దాదాపు ఉండదు, నేను చూసుకోవడమే ఎక్కువ. ముందు బంట్ల ఆట ఆడిస్తాను. ఇద్దరికీ ఎనిమిదేసి బంట్లు, వేరే పావులేవీ లేవు, ముందుగా అవతలి గట్టుకు చేరినవాళ్లు గెలిచినట్టు. పిల్లాడు ఎదుటివాడి బంటు ఎక్కడికి వస్తోందో చూస్తున్నాడా, తన బంటునే తోసుకుంటూ పోతున్నాడా అన్నది అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. తర్వాత ఒంటరి రాజు మీద క్వీన్, రాజు ఇచ్చి మేట్ చేయమంటాను. చిన్నపిల్లలు ఎక్కువగా చెక్ ఇవ్వకుండానే రాజుకు కదిలే చోటు లేకుండా చేసి స్టేల్‌మేట్, అంటే డ్రా, చేసేస్తారు. అది తప్పేం కాదు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో నాకు చెబుతుంది.

ఫీజు సగం కోస్తామన్నది ఒక పిల్లాడి నాన్నగారు. ఆ పిల్లాడి ట్రయల్‌లో ఆయన పక్కనే కూర్చున్నారు. కెమెరాలో కనిపించలేదు గానీ, ప్రతి ఎత్తుకూ ముందు పిల్లాడి కళ్లు కుడివైపుకు వెళ్తున్నాయి. తేలికైన ఎత్తుకూ కష్టమైన ఎత్తుకూ ఒకే అంత సమయం పడుతోంది. మేట్ చక్కగా చేశాడు. "రాజును అంచుకు ఎందుకు తోశావు నాన్నా?" అని అడిగితే మళ్లీ కుడివైపు చూశాడు. పక్కన కూర్చుని ఎవరో చెబుతున్నారని పట్టుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు: ఎత్తు సరిగ్గా వేశాక ఎందుకు వేశావని అడగండి. సొంతంగా ఆలోచించినవాడు తప్పో ఒప్పో ఏదో ఒకటి చెబుతాడు. నేను మొదటి స్థాయి గ్రూపు అన్నాను. నాన్నగారు తెర మీదికి వచ్చి, "మేడమ్, వాడు మీరు ఇచ్చిన మేట్ చేశాడు కదా, రెండో గ్రూపులో వేయండి" అన్నారు. ఒప్పుకోలేదు. ముఖం ముడుచుకున్నారు గానీ చేర్చారు.

క్లాసులు బాగానే సాగాయి. వాడికి వచ్చిన ఆటంతా నాలుగు ఎత్తుల మేట్ ఒక్కటే. అదీ ఎవరు నేర్పారో వేరే చెప్పక్కర్లేదు.

```
1. e4 e5
2. Bc4 Nc6
3. Qh5 Nf6
4. Qxf7#
```

స్కూల్లో తోటి పిల్లల మీద ఇది పనిచేస్తుంది. కానీ అవతలివాడు మూడో ఎత్తుకు గుర్రం బదులు `g6` వేస్తే క్వీన్ `f3`కి వెళ్లాలి, `Nf6` వచ్చి దారి మూసేస్తుంది. మనవాడు ఊరుకోకుండా `g4` తోసేవాడు. అవతలి గుర్రం `d4`కి వచ్చి క్వీన్ మీద పడితే `g3`కి తప్పించేవాడు. అంతే, గుర్రం `c2` బంటును తిని రాజుకు చెక్ ఇచ్చి, రాజు జరగగానే మూలనున్న రూక్‌ను మింగేది. మొదటి వారం ఆటలు ఇంచుమించు అన్నీ ఇలాగే పోయాయి.

ఇక అసలు విషయం. ఈ నెల ఒకటో తారీఖు రాత్రి నేను పై గ్రూపు క్లాసులో ఉండగా ఫోన్ ఆగకుండా మోగింది. క్లాసు అయ్యాక చూస్తే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఆ నాన్నగారు రెండు స్క్రీన్‌షాట్లు పెట్టారు. ఒకటి పిల్లాడికి లిచెస్ అకౌంట్ తెరిచిన రోజుది, ర్యాపిడ్ ఆటల రేటింగ్ దగ్గర `1500?` అని ఉంది. రెండోది ఆ రోజుది, `940`. కింద ఆయన రాసింది: "చేరినప్పుడు 1500. మేడమ్ గారి కోచింగ్ తర్వాత 940. మా బంధువుల అమ్మాయికి రెండేళ్లు కష్టపడితే ఫిడే రేటింగ్ 1500 వచ్చింది. మా వాడికి మొదటి రోజే ఉన్న 1500ను వీళ్లు పోగొట్టారు. ఈ నెల సగం ఫీజే ఇస్తాం."

గ్రూపులో ఒక్కరూ మాట్లాడలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. ముందు రోజు వరకు దండాలూ పువ్వులూ పంపినవాళ్లే. కాసేపటికి ఒకావిడ మాత్రం, "మా పాపది కూడా 1500 ఉండేది మేడమ్, ఇప్పుడు 1100, ఏమైంది?" అని అడిగింది. ఆ తర్వాత ఇంకొకరు. నేను క్లాసులో పిల్లలకు చెప్పేది కోపంలో ఎత్తు వేయొద్దని. ఆ రాత్రి ఎంత కష్టపడి ఆ మాట పాటించానో నాకే తెలుసు. "రేపు సాయంత్రం కాల్‌లో మాట్లాడతాను" అని ఒక్క ముక్క రాసి ఫోన్ బోర్లా పెట్టేశాను.

సంగతేమిటంటే, లిచెస్‌లో ఎవరు కొత్త అకౌంట్ తెరిచినా 1500తోనే మొదలవుతుంది. అది ఎవరి బలమూ కాదు. ఈ ఆటగాడి గురించి నాకింకా ఏమీ తెలియదు అని సైటు చెప్పడమే ఆ పక్కనున్న ప్రశ్నార్థకం. తెలియదు కాబట్టి మొదటి ఆటల్లో ఒక్క ఓటమికే వందకు పైగా పాయింట్లు పోతాయి, గెలిస్తే అలాగే వస్తాయి. ఆటలు పెరిగేకొద్దీ ఆ ఊపు తగ్గి, అంకె అసలు బలం దగ్గర నిలబడుతుంది, అప్పుడు ప్రశ్నార్థకం పోతుంది. అప్పుడే పావుల నడక నేర్చుకున్న పిల్లాడు 1500 నుంచి జారకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఫిడే అంటే అంతర్జాతీయ చెస్ సమాఖ్య, దాని రేటింగ్ పూర్తిగా వేరే లెక్క. అది బల్ల మీద, రేటింగ్ టోర్నమెంట్లలో ఆడి సంపాదించాల్సింది. పైగా 2024 మార్చి నుంచి ఫిడే కనీస రేటింగే 1400, అంతకంటే తక్కువ బలం ఉన్నవాళ్లకు ఆ జాబితాలో చోటే లేదు. రెండు అంకెలూ ఒకటే కనిపించినంత మాత్రాన పోల్చకూడదు.

ఇదంతా కాల్‌లో చెప్పాను. ఆయన వినలేదు. "అంకె తగ్గిందా లేదా మేడమ్, అది చెప్పండి" అన్నారు. అప్పుడు రేటింగ్ గ్రాఫ్ తెరిచి చూపించాను. మొదటి వారంలోనే 1500 నుంచి 790కి జారింది. అప్పటికి నేను వాడికి పట్టుమని రెండు క్లాసులు కూడా చెప్పలేదు. అక్కడి నుంచి మెల్లగా ఎక్కుతూ 940కి వచ్చింది. అంటే నా దగ్గర జరిగింది ఎక్కడమే. "మీరు ఏదో గీత చూపిస్తున్నారు" అన్నారు.

ఇంక మాటలు దండగ అనిపించి, "సర్, మీ ఫోన్‌లో మీ పేరున ఒక కొత్త అకౌంట్ తెరవండి, ఒక్క ఆట కూడా ఆడొద్దు" అన్నాను. తెరిచారు. "ర్యాపిడ్ రేటింగ్ ఎంత ఉందో చదవండి." ఆయన కాసేపు చదవలేదు. వెనక నుంచి పిల్లాడు గట్టిగా, "నాన్నా, నీకూ 1500 వచ్చింది!" అన్నాడు. వాళ్లమ్మ నవ్వు కూడా వినిపించింది. నాకు నవ్వు రాలేదని అబద్ధం చెప్పను.

ఆ తర్వాత రెండు ఆటలు పక్కపక్కన పెట్టాను. మొదటి వారంలో ఓడిన ఆట, మొన్న ఓడిన ఆట. మొదటి దాంట్లో ఊరికే అప్పగించిన పావులు అయిదు. మొన్నటి దాంట్లో ఒక్కటే, అదీ రూక్‌లూ బంట్లూ మాత్రమే మిగిలాక. రెండూ ఓటములే, కానీ రెండో ఆట ఓడిన పిల్లాడికి ఎదుటివాడు ఏం తినబోతున్నాడో చూడటం వచ్చింది. ఈ స్థాయిలో రేటింగ్ కంటే నమ్మకమైన కొలత ఇదే: ఒక్కో ఆటలో ఊరికే పోయిన పావులు ఎన్ని. దీన్ని లెక్కపెట్టడానికి చెస్ రాని అమ్మకైనా కష్టం కాదు. ఇప్పుడు నెలాఖరు కబురులో ప్రతి ఇంటికీ పంపేది ఇంతే. ఆ నెల మొదట్లోని ఒక ఆట లింక్, చివర్లోని ఒక ఆట లింక్, రెండింటిలో పోయిన పావుల లెక్క, వచ్చే నెల ఏం చెబుతానో రెండు వాక్యాలు. గ్రూపులో కాదు, విడివిడిగా. గ్రూపులో ఇక నేను తప్ప ఎవరూ రాయలేరు, సెట్టింగ్ మార్చేశాను. కొందరికి కోపం వచ్చింది, రానీ.

ఫీజు గురించి కూడా అందరికీ ఒకే మాట రాసి పంపాను. నెలకు ఎనిమిది క్లాసులు, ఒక్కోటి ముప్పావు గంట. అంటే చెప్పేది ఆరు గంటలు. పిల్లల ఆటలు చూసి గుర్తులు పెట్టడానికి క్లాసుకు పావుగంట చొప్పున రెండు గంటలు, కబుర్లు రాయడానికి ఇంకో గంట. ఫీజు వేసుకునేటప్పుడు తొమ్మిది గంటలకు వేసుకోవాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆరుకే వేసుకుని, మూడో నెలకల్లా కబుర్లు రాయడం మానేస్తారు, తల్లిదండ్రుల అనుమానాలు అక్కడే మొదలవుతాయి. ఒక నెలలో తొమ్మిదో క్లాసు రోజు వస్తే అది అదనపు క్లాసు కాదు, తప్పిపోయినవాళ్లకు మళ్లీ చెప్పే రోజు. ముందు రోజే చెప్పి మానేస్తేనే అందులో చోటు. చెప్పకుండా మానేస్తే ఆ క్లాసు పోయినట్టే, ఎందుకంటే ఆ సమయంలో నేను ఖాళీ తెర ముందు కూర్చునే ఉన్నాను. ఫలితం చూసి ఫీజు తగ్గించడం అనేది లేదు. పెరిగితే ఎక్కువ ఇస్తారా అని అడిగితే ఎవరూ జవాబివ్వలేదు.

ఆ నాన్నగారు పూర్తి ఫీజు పంపారు, అయిదో తారీఖు దాటాక. గ్రూపులో పెట్టిన మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు, నేనే తొలగించాను. నిన్న మెసేజ్ పెట్టారు, తన కొత్త అకౌంట్ `1180`కి వచ్చిందట, పెద్దవాళ్లకు కూడా క్లాసులు ఉన్నాయా అని. ఉన్నాయి, ట్రయల్ అరగంట అని జవాబిచ్చాను.