ఇనుప మేకు మునుగుతుంది, ఓడ ఎందుకు తేలుతుంది?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సైన్సులో వెనకబడింది. చదవక కాదు. ఆర్కిమెడిస్ సూత్రం అడిగితే గైడులో ఉన్నది ఉన్నట్టు గడగడా చెప్పేస్తుంది. స్లిప్ టెస్టులో ప్రశ్న కాస్త మార్చి ఇస్తే మాత్రం పెన్ను కదలదు.

ఒకరోజు అడిగాను, "ఇనుప మేకు మునుగుతుంది కదా, ఇనుప ఓడ ఎలా తేలుతుందే?" అని.

"ఓడ సాంద్రత తక్కువమ్మా."

"ఓడగా చేస్తే ఇనుము సాంద్రత మారిపోతుందా?"

జవాబు లేదు. జవాబు వచ్చు కానీ అందులో 'సాంద్రత' దేని గురించో తనకు తెలియదని అప్పుడు అర్థమైంది.

మూత బిగుతుగా పట్టే చిన్న స్టీలు డబ్బా తీశాం. కిరాణా కొట్టు కాంటాలో తూస్తే 120 గ్రాములు. బేసిన్‌లో గిన్నె పెట్టి, అంచు దాకా నీళ్లు పోసి, మూత పెట్టిన డబ్బాని వేళ్ల కొసలతో పూర్తిగా లోపలికి నొక్కాం. పొర్లిన నీళ్లు కొలిస్తే 400 మిల్లీలీటర్లు వచ్చాయి. స్టీలు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 8 గ్రాములు. అంటే 120 గ్రాముల స్టీలు ఆక్రమించేది 15 ఘన సెంటీమీటర్లే, మిగతాదంతా లోపలి గాలి. "అయితే స్టీలు సాంద్రత కాదమ్మా, గాలితో కలిపి మొత్తం డబ్బాది చూడాలి" అంది. 120ని 400తో భాగిస్తే 0.3. నీళ్ల సాంద్రత 1, దానికంటే తక్కువ కాబట్టే డబ్బా తేలుతుంది, ఓడా అంతే.

తర్వాత ప్రయోగం కంటే ముందు లెక్క చెప్పమన్నాను. ఎంత ఇసుక పోస్తే మునుగుతుంది? డబ్బా మొత్తం మునిగినా తొలగించగలిగేది 400 గ్రాముల నీళ్లే కాబట్టి, 280 గ్రాముల ఇసుక దాటితే మునగాలి అని తనే కాగితం మీద వేసింది. 250 గ్రాములు పోస్తే మూత మాత్రమే పైకి కనిపిస్తూ తేలింది. 300 పోస్తే అడుక్కి పోయింది. (మూత దగ్గర బుడగలు వస్తుంటే నీళ్లు లోపలికి పోతున్నట్టే, అప్పుడు లెక్క తప్పుతుంది. మాకు మొదట అలాగే అయింది, మూత అంచుకి టేపు చుట్టాక కుదిరింది.)

పిల్లకి అర్థమైందో లేదో నేను ఇలాగే చూస్తున్నాను. అంకెలు మార్చి, చేసి చూడకముందే ఏమవుతుందో చెప్పమంటాను. బట్టీ పట్టిన జవాబు అక్కడ ఆగిపోతుంది.

అయితే తర్వాతి పరీక్షలో ఇదే విషయం సొంత మాటల్లో రాసి, నీళ్లు పైకి తోసే బలానికి 'ఉత్ప్లవన బలం' అన్న మాట రాయనందుకు మార్కు పోగొట్టుకుంది. పేపరు దిద్దేవాళ్లు ఆ పదాలు వెతుకుతారు, అది న్యాయమే. అందుకే ఇప్పుడు డబ్బా అర్థమయ్యాకే నిర్వచనం కంఠస్థం చేయిస్తున్నాను. ఇంతకుముందు రోజుల తరబడి పట్టిన వాక్యం ఒక్క పూటలో వచ్చేసింది, ఎందుకంటే 'తొలగించిన ద్రవం' అనగానే తనకి బేసిన్‌లో పొర్లిన నీళ్లు గుర్తొస్తున్నాయి. మూలకాల సంకేతాలు, వేలెన్సీలు మాత్రం బట్టీ పట్టాల్సిందే, వాటికి రోజూ పొద్దున్నే పది నిమిషాలు కేటాయించాం.