సిరంజింగ్‌కు ముందు ఐదు రోజులు చెవిలో చుక్కలు: నా అనుభవం

కుడి చెవి దిబ్బడ వేసి వినిపించడం తగ్గితే ఈఎన్‌టీ డాక్టరు గారి దగ్గరకు వెళ్లాను. గులిమి గట్టిపడి దారంతా మూసుకుపోయిందన్నారు. వెంటనే సిరంజింగ్ చేస్తారనుకున్నాను, అంటే సిరంజితో చెవిలోకి నీళ్లు కొట్టి గులిమి తీసేస్తారని. కొట్టలేదు. ఎండిన గులిమి చెవి లోపలి చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటుందట. నానబెట్టకుండా పీడనం పెడితే అది కదలదు, పైగా చర్మం ఒరుసుకుపోతుంది.

చుక్కలు రాసే ముందు ఆవిడ అడిగినవి మూడే: ఎప్పుడైనా చీము కారిందా, చెవికి ఆపరేషన్ అయిందా, ఇప్పుడు నొప్పి ఉందా? కర్ణభేరికి చిల్లుంటే చుక్కలు మధ్య చెవిలోకి దిగి మంట, తల తిరుగుడు, ఇన్‌ఫెక్షన్ తెస్తాయి. కర్ణభేరిలో గ్రోమెట్ అనే చిన్న గొట్టం పెట్టిన పిల్లలకూ అదే ప్రమాదం. ఇలాంటివారు చుక్కలు, సిరంజింగ్ రెండూ మానుకుని, డాక్టరు చేత సక్షన్‌తో, అంటే గులిమిని పీల్చేసే గొట్టంతో, తీయించుకోవాలి. వేరుశనగ పడనివాళ్లు సీసా మీద పదార్థాలు చదవాలి, కొన్ని చుక్కల్లో ఆ నూనె ఉంటుంది. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. నీళ్లు కొట్టాక వాళ్లకు తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం ఎక్కువ.

నాకు రాసింది 5 శాతం సోడియం బైకార్బొనేట్ చుక్కలు, రోజుకు మూడుసార్లు, మూడు నాలుగు చుక్కల చొప్పున, ఐదు రోజులు. సీసాను గుప్పిట్లో కాసేపు పట్టుకుని వెచ్చబరిచేవాణ్ణి. చల్లగా పడితే కళ్లు తిరుగుతాయి. ఎడమవైపు ఒత్తిగిలి, కుడి చెవి దొప్పను పైకీ వెనక్కీ లాగితే దారి తిన్నగా అవుతుంది. చుక్కలు వేశాక పది నిమిషాలు కదలకుండా ఉండాలి. వెంటనే లేస్తే మందు బయటికి కారిపోతుంది. దూది కుక్కితే దాన్ని దూదే పీల్చేసుకుంటుంది.

రెండో రోజుకు వినికిడి ఇంకా తగ్గింది. గులిమి నీరు పీల్చి ఉబ్బడమే కారణం. చాలామంది ఇక్కడే భయపడి దూదిపుల్ల పెడతారు, మెత్తబడిన ముద్ద ఇంకా లోపలికి పోతుంది. నొప్పి, మంట, చీము కనిపిస్తే మాత్రం చుక్కలు ఆపేసి డాక్టరుకు చూపించాలి. ఐదు రోజులు దాటి సొంతంగా కొనసాగించకూడదు, చర్మం ఎండి పొరలు లేస్తుంది.

ఆరో రోజు సిరంజింగ్. నీళ్లు 37 డిగ్రీల దగ్గర, అంటే ఒంటి వేడికి సమానంగా ఉన్నాయి. ధారను కర్ణభేరి మీదికి కాకుండా వెనక పైగోడకు తగిలేలా కొట్టారు. తిరిగొచ్చే నీరు ముద్దను వెనక నుంచి తోస్తుంది. మొదటిసారి సగమే వచ్చింది. చెవిలో నీళ్లు నింపి పదిహేను నిమిషాలు ఉంచి మళ్లీ కొడితే మిగిలిన గోధుమరంగు ముద్ద ఒక్కటిగా గిన్నెలో పడింది. తర్వాత చెవి లోపల చూసే పరికరం ఓటోస్కోప్‌తో చూసి, కర్ణభేరి బాగుందని నిర్ధారించుకున్నాకే పంపించారు.