అరిగిన పెడల్

కొందామని చూసిన సెకండ్ హ్యాండ్ కారు మీటర్ మీద 38 వేల కిలోమీటర్లు, బ్రేక్ పెడల్ రబ్బరు చూస్తేనేమో గీతలన్నీ అరిగి నున్నగా మెరుస్తోంది.

2017 మోడల్, డాక్టర్ గారు వాడిన బండి అన్నాడు అమ్మేవాయన (ఎప్పుడూ డాక్టర్ గారే ఎందుకో!). సర్వీస్ బుక్ పోయిందట. తెలిసిన మెకానిక్ చేత బండి నంబర్ చెప్పించి షోరూమ్‌లో కనుక్కుంటే, 2021లోనే 61 వేల దగ్గర సర్వీస్ అయినట్టు రికార్డుంది. ఆర్‌సీలో బ్యాంకు పేరు ఇంకా అలాగే ఉంది, లోన్ తీరిందన్నాడు గానీ ఎన్‌ఓసీ చూపించమంటే నవ్వాడు.

టెస్ట్ డ్రైవ్‌కి ముందు బానెట్ మీద చెయ్యి పెడితే అప్పటికే వేడి. నేను రాకముందే స్టార్ట్ చేసి ఉంచాడన్నమాట. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కదా పొగ, టకటక శబ్దం బయటపడేది!

రేపు ఇంకో బండి చూడాలి. నేనొచ్చేదాకా తాళం తిప్పొద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పా.